పీకేయూనా, యూరియా సైకిలా? ఎంజైమ్‌ను, ఆహారాన్ని తడబడకుండా జతచేయడం ఎలా?

బయోకెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఏ బ్యాచ్‌కి చెప్పినా ఈ ప్రశ్న ఒక్కసారైనా వస్తుంది. "ఫినైల్‌కీటోన్యూరియాకీ ప్రొటీన్ తగ్గించమంటారు, యూరియా సైకిల్ జబ్బులకీ ప్రొటీన్ తగ్గించమంటారు. మరి ఆప్షన్లలో రెండూ వేర్వేరుగా ఎందుకు ఇస్తారు?"

ఎందుకంటే ఆ రెండు సలహాలూ ఒకటి కావు. ఫినైల్‌కీటోన్యూరియాలో, అంటే పీకేయూలో, ఇబ్బంది పెట్టేది ఫినైలలనిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం. మిగతా వాటిని ఆ పిల్లల శరీరం మామూలుగానే వాడుకుంటుంది. యూరియా సైకిల్ దెబ్బతింటే మాత్రం ఏ అమైనో ఆమ్లం నుంచి వచ్చిన నైట్రోజన్ అయినా ప్రమాదమే. పీకేయూలో "ఏ అమైనో ఆమ్లం?" అని, యూరియా సైకిల్‌లో "ఎంత నైట్రోజన్?" అని అడగాలి. కింది మెట్లన్నీ ఈ తేడా మీదే నడుస్తాయి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక తెల్లకాగితం, పెన్సిల్ చాలు. ప్రశ్న చదివేటప్పుడు నాలుగు వివరాల కింద గీత పెట్టండి: రక్తంలో అమ్మోనియా, బ్లడ్ గ్యాస్ రిపోర్టు, ప్లాస్మాలో సిట్రులిన్, మూత్రంలో ఓరోటిక్ ఆమ్లం. నాలుగూ ఇవ్వకపోవచ్చు, కానీ ఇచ్చినవి ఊరికే ఇవ్వరు.

1. రెండు బొమ్మలు గీయండి

మొదటిది ఒక్క బాణం. ఎడమవైపు ఫినైలలనిన్, కుడివైపు టైరోసిన్. బాణం మీద ఫినైలలనిన్ హైడ్రాక్సిలేజ్ అని రాయండి. బాణం కింద దానికి తోడుండాల్సిన కోఫ్యాక్టర్ పేరు రాయండి: టెట్రాహైడ్రోబయోప్టెరిన్, పొట్టిగా బీహెచ్‌4. చాలామంది ఈ రెండో పేరు రాయరు. అయిదో మెట్టులో దాని అవసరం పడుతుంది.

రెండోది ఒక వలయం. ముందు మైటోకాండ్రియా గోడగా ఒక గీత గీయండి. గోడ లోపల అమ్మోనియా, బైకార్బొనేట్ కలిసి కార్బమాయిల్ ఫాస్ఫేట్ అవుతాయి. ఆ పని చేసేది కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్‌ 1. తర్వాత ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ దాన్ని ఆర్నిథిన్‌తో కలిపి సిట్రులిన్ తయారుచేస్తుంది. సిట్రులిన్ గోడ దాటి బయటికి వస్తుంది. బయట మూడు మెట్లు: ఆర్జినినోసక్సినేట్ సింథటేజ్, ఆర్జినినోసక్సినేట్ లయేజ్, చివరగా ఆర్జినేజ్. ఆర్జినేజ్ దగ్గర యూరియా విడిపోయి, మిగిలిన ఆర్నిథిన్ మళ్లీ లోపలికి వెళ్తుంది.

బొమ్మలో సిట్రులిన్ చుట్టూ గట్టిగా సున్నా చుట్టండి. నాలుగో మెట్టంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

2. వయసు, వేగం చూడండి

రెండు జబ్బుల్లోనూ బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ ద్వారా తల్లి శరీరం ఆ భారం మోస్తుంది కాబట్టి. తేడా ఆ తర్వాత మొదలవుతుంది.

పీకేయూ చప్పుడు చేయదు. పాలు తాగుతుంది, నిద్రపోతుంది, వాంతులతో కోమాలోకి జారిపోదు. గుర్తించకపోతే నెలలు గడిచేకొద్దీ ఎదుగుదల వెనకబడుతుంది, తల చిన్నగా ఉండిపోతుంది, ఫిట్స్ రావచ్చు, ఒంటి మీద ఎగ్జిమా కనిపించవచ్చు. జుట్టు, చర్మం కుటుంబంలో మిగతావాళ్ల కంటే తెల్లగా ఉంటాయి. పెరిగిపోయిన ఫినైలలనిన్ టైరోసినేజ్‌కి అడ్డుపడి మెలనిన్ తయారీని తగ్గిస్తుంది మరి. ఒంటి నుంచి, మూత్రం నుంచి ముక్క వాసన వస్తుంది. 1934లో నార్వే డాక్టర్ ఆస్బ్యోర్న్ ఫోలింగ్ ఈ జబ్బును పట్టుకున్నది కూడా ఇలాంటి వాసన గురించి ఒక తల్లి చెప్పిన మాటను కొట్టిపారేయకుండా, ఆమె ఇద్దరు పిల్లల మూత్రాన్ని ఫెర్రిక్ క్లోరైడ్‌తో పరీక్షించడం వల్లే. అది ఆకుపచ్చ రంగుకు తిరిగింది.

యూరియా సైకిల్ లోపం తీవ్రంగా ఉంటే ఇంత ఆగదు. రెండో రోజో మూడో రోజో పాలు వదిలేస్తుంది, వాంతులు, మత్తు, ఆయాసంలా వేగంగా ఊపిరి. చూసినవాళ్లకి ముందు ఇన్ఫెక్షన్ అనిపిస్తుంది. ప్రశ్నలో "యాంటీబయాటిక్స్ ఇచ్చినా మెరుగు లేదు" అని ఉంటే అది ఊరికే రాసిన వాక్యం కాదు.

జాగ్రత్త: పాక్షిక లోపం ఉంటే పెద్దయ్యాక కూడా బయటపడుతుంది. మాంసం, పప్పు అంటే ముఖం తిప్పుకునే అమ్మాయికి జ్వరం తర్వాతో, ప్రసవం తర్వాతో, వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టాకో అయోమయం వచ్చిందని కేసు ఇస్తే, ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ లోపానికి వాహకురాలేమో ఆలోచించండి.

3. అమ్మోనియా ఎక్కువగా ఉంటే వెంటనే బ్లడ్ గ్యాస్ చూడండి

అమ్మోనియా ఎక్కువ అనగానే యూరియా సైకిల్ అని టిక్ పెట్టేస్తారు. ఒక్క నిమిషం ఆగండి. ప్రొపియోనిక్, మిథైల్‌మలోనిక్ అసిడీమియాల్లో కూడా అమ్మోనియా బాగా పెరుగుతుంది. వాటిలో రక్తం ఆమ్లంగా మారుతుంది, యానయాన్ గ్యాప్ పెరుగుతుంది, మూత్రంలో కీటోన్లు ఉంటాయి.

యూరియా సైకిల్ జబ్బులో మొదట కనిపించేది దీనికి తిరగబడి ఉంటుంది. అమ్మోనియా మెదడులోని శ్వాస కేంద్రాన్ని రెచ్చగొడుతుంది, బిడ్డ వేగంగా ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి ఊదేస్తుంది. ఫలితం రెస్పిరేటరీ ఆల్కలోసిస్. గ్లూకోజ్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది, యూరియా తక్కువగా ఉంటుంది. పీకేయూలో అమ్మోనియా పెరగదు.

4. సిట్రులిన్ దగ్గర దారి చీలుతుంది

ఇప్పుడు బొమ్మలో సున్నా చుట్టిన చోటికి రండి.

సిట్రులిన్ విపరీతంగా పెరిగితే, అంటే లీటరుకు 1000 మైక్రోమోల్ దాటేంతగా, అడ్డు దాని తర్వాతే ఉంది. ఆర్జినినోసక్సినేట్ సింథటేజ్ లోపం, సిట్రులినీమియా టైప్‌ 1.

ఒక మోస్తరుగా, వందల్లో పెరిగి, దాంతోపాటు ఆర్జినినోసక్సినేట్ కూడా కనిపిస్తే లయేజ్ లోపం. జుట్టు పెళుసుగా, కణుపులు కణుపులుగా విరిగిపోతోందని ప్రశ్నలో రాస్తే అది దీనికే సూచన.

సిట్రులిన్ లేదు, లేదా బాగా తక్కువ. అంటే అడ్డు మైటోకాండ్రియా లోపల ఉంది. అప్పుడు మాత్రమే ఓరోటిక్ ఆమ్లం చూడండి. ఎక్కువగా ఉంటే ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ లోపం. ముందుకు పోలేని కార్బమాయిల్ ఫాస్ఫేట్ గోడ దాటి సైటోసోల్‌లోకి పొంగిపొర్లి పిరిమిడిన్ తయారీలో చేరుతుంది, అక్కడ ఓరోటిక్ ఆమ్లం అవుతుంది. ఓరోటిక్ ఆమ్లం పెరగకపోతే కార్బమాయిల్ ఫాస్ఫేటే తయారు కావడం లేదని అర్థం. సింథటేజ్‌ 1 లోపమైనా కావాలి, దాన్ని మేల్కొలిపే ఎన్-అసిటైల్‌గ్లుటమేట్‌ను తయారుచేసే ఎంజైమ్ లోపమైనా కావాలి.

వరుస మార్చకండి. సిట్రులినీమియాలో కూడా ఓరోటిక్ ఆమ్లం పెరగవచ్చు. ముందే దాన్ని పట్టుకుంటే తప్పు ఎంజైమ్ దగ్గర తేలతారు.

ఆర్జినేజ్ లోపం వేరే ముఖంతో వస్తుంది. అమ్మోనియా అంతగా పెరగదు. రెండు మూడేళ్ల పిల్లాడు కాళ్లు బిగుసుకుపోయి మునివేళ్ల మీద నడుస్తుంటాడు. రక్తంలో ఆర్జినిన్ ఎక్కువ. సెరెబ్రల్ పాల్సీ అని పొరబడేది ఇక్కడే.

5. ఫినైలలనిన్ ఎక్కువగా ఉంటే కోఫ్యాక్టర్‌ను అడగండి

ఎక్కువ కేసుల్లో జవాబు ఫినైలలనిన్ హైడ్రాక్సిలేజే. కానీ ఈ వాక్యం ఎదురైతే ఆగండి: "ఆహార నియమం సరిగ్గా పాటిస్తున్నారు, ఫినైలలనిన్ అదుపులోనే ఉంది, అయినా ఫిట్స్, కండరాల పట్టు తగ్గడం పెరుగుతున్నాయి."

ఇక్కడ తప్పిపోయింది బీహెచ్‌4. దాన్ని మళ్లీ వాడుకోదగ్గ రూపంలోకి తెచ్చే డైహైడ్రోప్టెరిడిన్ రిడక్టేజ్ గానీ, దాన్ని మొదట తయారుచేసే ఎంజైమ్‌లలో ఒకటి గానీ లేదు. డోపమిన్, సెరోటోనిన్ తయారీకి కూడా బీహెచ్‌4 కావాలి. ఆహారం మార్చితే ఫినైలలనిన్ తగ్గుతుంది, మెదడులో ఆ రెండూ మాత్రం పెరగవు. అందుకే లెవోడోపా-కార్బిడోపా, 5-హైడ్రాక్సీట్రిప్టోఫాన్ ఇవ్వాలి. రిడక్టేజ్ లోపంలో ఫోలినిక్ ఆమ్లం కూడా.

"బీహెచ్‌4 మందు ఇస్తే ఫినైలలనిన్ తగ్గింది, కాబట్టి కోఫ్యాక్టర్ లోపమే" అనుకోవడం కూడా పొరపాటు. హైడ్రాక్సిలేజ్‌లో కొన్ని రకాల మార్పులున్న పిల్లలకూ ఆ మందు పనిచేస్తుంది. తేల్చేది మూత్రంలో టెరిన్ల పరీక్ష, ఎండిన రక్తపు చుక్కలో రిడక్టేజ్ పరీక్ష.

6. ఆహారానికి మూడు ఖాళీలు పూరించండి

ఎంజైమ్ తేలాక మూడు మాటలు రాయండి: ఏది తగ్గించాలి, ఏది కలపాలి, ఏది సున్నా చేయకూడదు.

*పీకేయూ.* తగ్గించాల్సింది ఫినైలలనిన్. కలపాల్సింది టైరోసిన్, ఎందుకంటే బాణం తెగిపోయాక అది బయటి నుంచి తప్పక రావాల్సిన అమైనో ఆమ్లమైంది. సున్నా చేయకూడనిది కూడా ఫినైలలనినే. శరీరం దాన్ని తయారు చేసుకోలేదు. పూర్తిగా ఆపేస్తే బిడ్డ ఎదగదు, పైగా ఒంట్లోని కండరం కరిగి రక్తంలో ఫినైలలనిన్ పెరుగుతుంది. ఆస్పర్టేమ్ ఉన్న పానీయాలు, మాత్రలు మానాలి. అది అరిగినప్పుడు ఫినైలలనిన్ విడుదలవుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఒక పాపకు రోజుకు 20 గ్రాముల ప్రొటీన్ కావాలి, రక్త పరీక్షలను బట్టి ఆమె 300 మిల్లీగ్రాముల ఫినైలలనిన్ వరకు తట్టుకుంటోంది అనుకోండి. మామూలు ఆహారంలోని ఒక గ్రాము ప్రొటీన్‌లో దాదాపు 50 మిల్లీగ్రాముల ఫినైలలనిన్ ఉంటుంది. 300ను 50తో భాగిస్తే 6. అంటే మామూలు ఆహారం నుంచి 6 గ్రాములు, మిగతా 14 గ్రాములు ఫినైలలనిన్ లేని, టైరోసిన్ కలిపిన ఫార్ములా నుంచి రావాలి. మొత్తం ప్రొటీన్ తగ్గలేదు, గమనించారా? వచ్చే దారి మారింది, అంతే.

*యూరియా సైకిల్.* ఇప్పుడు అదే ఫార్ములాను ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ లేని బిడ్డకు ఇస్తే ఏమవుతుంది? దాదాపు 6.25 గ్రాముల ప్రొటీన్‌కు ఒక గ్రాము నైట్రోజన్ చొప్పున చూస్తే, ఆ 14 గ్రాములతో రోజుకు 2 గ్రాములకు పైగా నైట్రోజన్ చేరుతుంది. ఫినైలలనిన్ లేకపోవడం ఆ బిడ్డకు ఏ మేలూ చేయదు. ఇక్కడ మొత్తం ప్రొటీన్‌నే ఎదుగుదలకు సరిపోయే కనీస స్థాయికి దించాలి, అందులో కొంత భాగం అవసరమైన అమైనో ఆమ్లాల మిశ్రమంగా ఇవ్వాలి. పిండిపదార్థాలు, కొవ్వుల నుంచి కేలరీలు నిండుగా ఉండాలి. లేకపోతే సొంత కండరమే కరిగి అమ్మోనియా అవుతుంది.

కలపాల్సింది ఎంజైమ్‌ను బట్టి మారుతుంది. సింథటేజ్‌ 1, ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ లోపాల్లో సాధారణంగా సిట్రులిన్ ఇస్తారు, అది శరీరంలో ఆర్జినిన్‌గా మారుతుంది. ఆర్జినినోసక్సినేట్ సింథటేజ్, లయేజ్ లోపాల్లో ఆర్జినినే ఇవ్వాలి. సిట్రులిన్ ఇస్తే అడ్డుకు ముందే కుప్పపడుతుంది. ఎన్-అసిటైల్‌గ్లుటమేట్ లోపానికి కార్గ్లుమిక్ ఆమ్లం ఉంది. ఆర్జినేజ్ లోపంలో ఆర్జినిన్ ఇవ్వకూడదు, ఉన్నదాన్నే తగ్గించాలి. "యూరియా సైకిల్ అంటే ఆర్జినిన్" అని కంఠతా పట్టినవాళ్లందరూ పడేది ఈ గుంటలోనే.

వీటితోపాటు నైట్రోజన్‌ను పక్కదారిలో బయటికి పంపే మందులు ఉంటాయి. బెంజోయేట్ గ్లైసిన్‌ను పట్టుకుపోతుంది, ఒక నైట్రోజన్. ఫినైల్‌బ్యుటిరేట్ ఒంట్లో ఫినైల్‌అసిటేట్‌గా మారి గ్లుటమిన్‌ను పట్టుకుపోతుంది, రెండు నైట్రోజన్లు. పీకేయూ పిల్లల దగ్గర వచ్చే ఆ ముక్క వాసనకు కారణం కూడా ఫినైల్‌అసిటేటే. ఒక జబ్బులో గుర్తుగా ఉన్న పదార్థం ఇంకో జబ్బులో మందు. ఆప్షన్లలో ఈ పేరు చూసి కంగారు పడకండి.

7. "ఇప్పుడు" అని అడిగారా, "ఇకపై" అని అడిగారా?

పైన రాసిందంతా రోజువారీ ఆహారం. యూరియా సైకిల్ బిడ్డ మత్తులో ఉన్నప్పుడు సలహా వేరు. ప్రొటీన్ పూర్తిగా ఆపాలి, కానీ 24 నుంచి 48 గంటలకు మించకూడదు. రక్తనాళం ద్వారా 10 శాతం డెక్స్ట్రోజ్, లిపిడ్ ఇచ్చి కండరం కరగకుండా ఆపాలి. బెంజోయేట్, ఫినైల్‌అసిటేట్, ఆర్జినిన్ మొదలుపెట్టాలి. అమ్మోనియా చాలా ఎక్కువగా ఉంటే హీమోడయాలిసిస్. "తక్కువ ప్రొటీన్ ఆహారం" అనే ఆప్షన్ ఈ దశలో సరైన జవాబు కాదు.

ఒక కేసు చేసి చూద్దాం

మూడు రోజుల మగబిడ్డ. నెలలు నిండి పుట్టాడు, మొదటి రోజు బాగా పాలు తాగాడు. రెండో రోజు సాయంత్రం నుంచి తాగడం లేదు, వాంతులు, ఇప్పుడు లేపినా లేవడం లేదు. తల్లి తమ్ముడు పుట్టిన వారంలోపే చనిపోయాడు, కారణం తెలియదు. పీహెచ్ 7.52, కార్బన్ డయాక్సైడ్ పీడనం 24, బైకార్బొనేట్ 19. గ్లూకోజ్ మామూలే, మూత్రంలో కీటోన్లు లేవు. అమ్మోనియా లీటరుకు 860 మైక్రోమోల్. సిట్రులిన్ దాదాపు లేదు, గ్లుటమిన్ ఎక్కువ, మూత్రంలో ఓరోటిక్ ఆమ్లం బాగా ఎక్కువ.

మూడో రోజే మత్తు, కాబట్టి పీకేయూ కాదు. పీహెచ్ పైకి, కార్బన్ డయాక్సైడ్ కిందికి, అంటే ఆల్కలోసిస్. కీటోన్లు లేవు, ఆర్గానిక్ అసిడీమియా వెనక్కి పోయింది. బైకార్బొనేట్ కొంచెం తగ్గింది కదా, అది అసిడోసిస్ కాదా అని ఇక్కడ చాలామంది అడుగుతారు. కాదు. పీహెచ్ క్షారం వైపు ఉంది, బైకార్బొనేట్ దానికి సర్దుకుంటూ తగ్గింది. సిట్రులిన్ లేదు, అడ్డు మైటోకాండ్రియా లోపల. ఓరోటిక్ ఆమ్లం ఎక్కువ, కాబట్టి ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్. మేనమామ మరణం దీన్ని బలపరుస్తుంది. యూరియా సైకిల్‌లోని అయిదు ప్రధాన ఎంజైమ్‌లలో ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నది ఇదొక్కటే.

ఇప్పుడు చేయాల్సింది ఏడో మెట్టు. కోలుకున్నాక కనీస ప్రొటీన్, నిండుగా కేలరీలు, సిట్రులిన్, ఫినైల్‌బ్యుటిరేట్. తీవ్రమైన లోపం కాబట్టి కాలేయ మార్పిడి మాట కూడా వస్తుంది.

ఇదే కేసులో ఒక్కో వాక్యం మార్చి మళ్లీ చేయండి. ఓరోటిక్ ఆమ్లం తక్కువ అని రాస్తే? సిట్రులిన్ 1800 అని రాస్తే? కీటోన్లు ఉన్నాయి, పీహెచ్ 7.15 అని రాస్తే? పది కొత్త కేసులు చదవడం కంటే ఒక కేసును ఇలా నాలుగుసార్లు మార్చి చేయడమే నా దగ్గర ఎక్కువమందికి పనిచేసింది.

తరచూ జరిగే తప్పులు

"సిట్రులినీమియా" అనే పేరు చూసి టైప్ చూడకపోవడం మొదటిది. టైప్‌ 2 అంటే సిట్రిన్ అనే రవాణా ప్రొటీన్ లోపం. అందులో సలహా తలకిందులు: పిండిపదార్థాలు తగ్గించి, ప్రొటీన్, కొవ్వు ఎక్కువ ఇవ్వాలి. ఆ రోగులు చాలామంది తీపి, అన్నం లాంటివి తినడానికి ఇష్టపడరు, ప్రొటీన్ ఉన్న ఆహారాన్నే కోరుకుంటారు. ఆ ఇష్టాయిష్టాలు ప్రశ్నలో రాస్తే అవే జవాబు.

రెండోది, పీకేయూ ఆహారం బాల్యానికే అనుకోవడం. జీవితాంతం పాటించాలి. ముఖ్యంగా పీకేయూ ఉన్న స్త్రీ గర్భం దాల్చకముందే ఫినైలలనిన్‌ను అదుపులోకి తెచ్చుకోవాలి. లేకపోతే బిడ్డకు జబ్బు జన్యువులు లేకపోయినా తల చిన్నగా, గుండెలో లోపంతో పుట్టవచ్చు. "బిడ్డలో ఏ ఎంజైమ్ లోపించింది?" అని అడిగితే ఏదీ లోపించలేదన్నదే జవాబు కావచ్చు.

మూడోది, స్క్రీనింగ్ సమయం పట్టించుకోకపోవడం. పుట్టిన కొన్ని గంటలకే రక్తం తీస్తే ఫినైలలనిన్ ఇంకా పెరిగి ఉండదు, పీకేయూ తప్పిపోవచ్చు. 24 గంటలలోపు తీసిన నమూనా అయితే మళ్లీ తీయాలి.

జవాబు సరైనదో కాదో చూసుకోవడం

మీరు ఎంచుకున్న ఎంజైమ్ మీద బొమ్మలో అడ్డగీత గీయండి. గీతకు ముందున్నవన్నీ ప్రశ్నలో పెరిగి, తర్వాతివి తగ్గి ఉండాలి. ఒక్కటి పొసగకపోయినా వెనక్కి వెళ్లి నాలుగో మెట్టు మళ్లీ చేయండి. తర్వాత మీరు కలపమన్న పదార్థం మీద వేలు పెట్టండి. అది గీతకు తర్వాత ఉండాలి, లేదా నైట్రోజన్‌ను పక్కదారి పట్టించేదై ఉండాలి. గీతకు ముందు కుప్పపడేచోట ఉంటే సలహా తప్పు.

"ఆహారం పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?" అని కూడా అడుగుతారు. పీకేయూలో రక్తంలో ఫినైలలనిన్ లీటరుకు 120 నుంచి 360 మైక్రోమోల్ మధ్య ఉండాలి. రిపోర్టు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటే సుమారు 60తో గుణించండి, అంటే 2 నుంచి 6. యూరియా సైకిల్‌లో అమ్మోనియాతోపాటు గ్లుటమిన్ చూడాలి, చాలాసార్లు అమ్మోనియా కంటే ముందే అది పెరుగుతుంది. రెండింటిలోనూ బరువు, ఎత్తు చూడాలి. యూరియా సైకిల్ బిడ్డకు అమ్మోనియా బాగానే ఉండి బరువు పెరగకపోతే, ప్రొటీన్ అవసరానికి మించి తగ్గించేశారేమో చూడండి.